క్రాష్ తర్వాత బిట్‌లాకర్ తెర: హెల్ప్‌డెస్క్‌కి ఏం రాయాలి

“ఇంటి నుంచి పని చేస్తున్నా. లాప్‌టాప్ క్రాష్ అయింది, ఆన్ చేస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. మూడింటికి క్లయింట్ ప్రెజెంటేషన్. హెల్ప్‌డెస్క్‌కి ఏమని మెయిల్ పెట్టాలి?”

ఫోన్ నుంచే పంపండి. సబ్జెక్ట్‌లోనే “3 గంటలకు క్లయింట్ ప్రెజెంటేషన్, లాప్‌టాప్ బిట్‌లాకర్ దగ్గర ఆగింది” అని రాయండి. ఆ తెర మీద Recovery key ID కనిపిస్తుంది. దాని మొదటి 8 అక్షరాలు, అసెట్ ట్యాగ్ నంబరు, మీ ఫోన్ నంబరు తప్పకుండా ఇవ్వండి. ఆ ఐడీతో వాళ్లు మీ 48 అంకెల కీని త్వరగా వెతకగలరు. లేదంటే “తెర ఫొటో పంపండి” అని తిరుగు మెయిల్ వస్తుంది, ఉన్న టైమంతా అందులోనే పోతుంది. కీ చెప్పడానికి ఫోన్ చేయమనండి.

టెన్షన్‌లో రీసెట్ మాత్రం చేయకండి, లోపలి ఫైళ్లు పోవచ్చు. ఈలోగా స్లైడ్లు వన్‌డ్రైవ్‌లో ఉంటే టీమ్‌లో ఒకరిని స్క్రీన్ షేర్ చేయమని అడగండి, మీరు ఫోన్‌లో చేరి మాట్లాడొచ్చు.