జీఎస్టీ నంబరు లేని బిల్లును ఎలా మార్పించుకోవాలి?

ప్రశ్న: విజయవాడలో ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. 2026 జనవరిలో ఇక్కడే ఒక డీలరు దగ్గర 94,400 రూపాయలకు ప్రింటర్ కొన్నాను. బిల్లు నా పేరు మీద ఉంది కానీ షాపు పేరు, జీఎస్టీ నంబరు లేవు. అడిగితే పెన్నుతో నంబరు రాసి స్టాంపు వేసి ఇస్తామంటున్నారు. అది సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఆ బిల్లులో అసలు ధర 80,000 రూపాయలు, కేంద్ర, రాష్ట్ర జీఎస్టీ 7,200 చొప్పున మొత్తం 14,400 రూపాయలు. ఈ పన్ను మీకు ఐటీసీగా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే మొత్తంగా రావాలంటే, డీలరు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఈ అమ్మకాన్ని మీ నంబరు మీద చూపాలి, అది మీ కొనుగోళ్ల పన్ను వివరాలు చూపే జీఎస్టీఆర్-2బీలో కనబడాలి. నంబరు లేని బిల్లును ఆయన మామూలు వినియోగదారుల అమ్మకాల మొత్తంలో కలిపేసి ఉంటారు కాబట్టి, కాగితం మీద ఎన్ని స్టాంపులు వేసినా పోర్టల్‌లో ఏమీ మారదు.

పేరు గురించి కంగారు పడకండి. మీది సొంత యాజమాన్యమైతే రిజిస్ట్రేషన్‌లో చట్టబద్ధమైన పేరు మీదే అయి ఉంటుంది, షాపు పేరు వ్యాపార నామం మాత్రమే. లోపమంతా నంబరుదే.

డీలరుకు ఈమెయిల్‌లో రాయండి, ఫోనులో చెప్పి వదిలేయకండి. పాత బిల్లు నంబరు, తేదీ, మీ జీఎస్టీ నంబరు రాసి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జతచేసి, రెండు పనులు విడివిడిగా అడగండి: సరిచేసిన బిల్లు ఇవ్వడం, వినియోగదారుల అమ్మకాల్లోంచి ఆ మొత్తాన్ని తగ్గించి, అదే బిల్లును వచ్చే జీఎస్టీఆర్-1లో మీ నంబరు కింద చూపడం. రెండో పని చేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే మొదటిదాని వల్ల ఉపయోగం లేదు. పన్ను మొత్తం మారదు కనుక ఆయనకు అదనపు భారమేమీ పడదని కూడా చెప్పండి. సాధారణంగా వారి అకౌంటెంట్ భయపడేది అక్కడే.

డీలరు టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే మీకిచ్చే బిల్లును ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయడం తప్పనిసరి. 10 కోట్లు, ఆపైన ఉన్నవారికి 30 రోజులు దాటిన తేదీ బిల్లును ఆ పోర్టల్ తీసుకోదు. అలాంటివారు సాధారణంగా పాత బిల్లుకు క్రెడిట్ నోట్ వేసి, కొత్త తేదీతో కొత్త బిల్లు ఇస్తారు. అదే ప్రింటర్, అదే సీరియల్ నంబరు ఉందో లేదో చూసుకుని తీసుకోండి.

2025-26 బిల్లు కాబట్టి దిద్దుబాటుకైనా, మీరు ఐటీసీ తీసుకోవడానికైనా గడువు 2026 నవంబరు 30. అంతకుముందే వార్షిక రిటర్ను వేస్తే అక్కడితో సరి. జీఎస్టీఆర్-2బీ ప్రతి నెలా 14న తయారవుతుంది. అందులో 14,400 కనబడ్డాకే పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలో తీసుకోండి. ఒకవేళ మీ ఆడిటరు ప్రింటర్ ధరను పన్నుతో కలిపి 94,400గా చూపి తరుగుదల లెక్కిస్తే ఆ పన్నుకు ఐటీసీ రాదు, కాబట్టి పుస్తకాల్లో 80,000 మాత్రమే చూపమని ఆయనకు ముందే చెప్పండి.