మీ శనివారాలు ఎవరికీ తెలియనక్కర్లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. రెండేళ్ళుగా ఇంట్లోనే అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్ముతున్నాను. మా వారిది విశాఖలో ఉద్యోగం. ఇంట్లో ఉండేది నేను, అత్తయ్య గారు, ఏడేళ్ళ బాబు. శ్రీకాకుళం వైపు నుంచి ఒకతను ఒకసారి ఆవకాయ కొన్నాడు. అప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి రాస్తున్నాడు. మొన్న బుధవారం "మీ వీధిలోంచే వెళ్ళాను, డాబా మీద వడియాలు ఎండుతున్నాయి, సార్ శనివారం గానీ రారు కదా" అని పెట్టాడు. చేతులు వణికాయి. అత్తయ్య గారు వ్యాపారమే మానేయమంటున్నారు. మా వారికి ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఈ రాత్రే మీ వారికి ఫోన్ చేసి ఆ సందేశాలన్నీ పంపండి. ఆయన కంగారు పడతారనో, కోప్పడతారనో దాచకండి. ఈ సంగతి మీరు చెప్పకముందే బయటి నుంచి ఆయన చెవిన పడితే దాన్ని సర్దుకోవడం ఇంకా కష్టం.

ఇక అతనికి ఒక్కటంటే ఒక్క సందేశం పెట్టండి. "మీకు ఇకపై సరుకు అమ్మను. నాకు సందేశాలు పెట్టవద్దు, ఫోన్ చేయవద్దు, మా వీధికి రావద్దు." అంతే. క్షమించమని గానీ, మా వారు ఊరుకోరని గానీ చేర్చకండి. ఈ ఒక్క సందేశానికి చట్టంలో విలువ ఉంది. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపిన తరువాత కూడా పదేపదే వెంటపడి పరిచయం పెంచుకోవాలని చూడటం నేరం. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. మర్యాద కోసం ఇన్నాళ్ళూ పొడి పొడిగా జవాబులిస్తూ వచ్చి ఉంటే, అతను వాటినే చూపించి "ఆమె బాగానే మాట్లాడేది" అనగలడు. ఆ అవకాశం లేకుండా చేసేది ఈ సందేశమే.

ఆ తరువాత అతని నంబరూ తేదీలూ కనబడేలా సంభాషణ మొత్తాన్ని స్క్రీన్‌షాట్లు తీసి మీ వారికి పంపండి. అప్పుడు బ్లాక్ చేయండి. చిరాకుతో సంభాషణను మాత్రం చెరిపేయకండి. ఆవకాయకు అతను డబ్బు పంపినప్పుడు మీ యూపీఐ యాప్‌లో అతని బ్యాంకు ఖాతా పేరు పడి ఉంటుంది. పార్శిల్ పంపిన చిరునామా మీ పుస్తకంలో ఉంటుంది. ఆ రెండూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అతనికి మీ గురించి తెలిసినంతా మీకూ అతని గురించి తెలుసు.

కొత్త నంబరుతో మళ్ళీ రాసినా, వీధిలో కనబడినా ఆలోచించకుండా ఠాణాకు వెళ్ళండి. ఇంటి ముందే నిలబడితే 112కు ఫోన్ చేయండి. అతను ఆంధ్రలో ఉంటాడు, మీరు ఒడిశాలో ఉంటారు కాబట్టి కేసు ఎక్కడ పెట్టాలన్న అనుమానం వస్తుంది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ఈ సెక్షన్ కింద ఫిర్యాదును మహిళా అధికారి నమోదు చేయాలి, మీకు చదివి వినిపించాలి, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. మీరు ఒడియా రాయలేకపోతే తెలుగులో రాసుకున్న అర్జీని ఒడియా వచ్చిన వారి చేత తిరగరాయించుకుని వెళ్ళండి. చదివి వినిపించినప్పుడు అతను వీధికి వచ్చిన రోజు, శనివారం గురించి రాసిన మాట అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అతనికి మీ ఇల్లు ఎలా తెలిసిందని మీరు మథనపడుతూ ఉంటారు. చాలావరకు మీ ఆవకాయ సీసా మీది చీటీయే చెప్పి ఉంటుంది. ప్యాక్ చేసి అమ్మే తిండి పదార్థం మీద తయారుచేసిన వారి పేరు, పూర్తి చిరునామా, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలని ఆహార భద్రత నిబంధనలు చెబుతాయి. అది కొన్నవాళ్ళ హక్కు. కాబట్టి చిరునామా దాచుకుంటే చాలు అనే సలహా బట్టలు కుట్టే వారికి పనికొస్తుంది గానీ పచ్చళ్ళు అమ్మే మీకు సగమే పనికొస్తుంది. చీటీ కనబడేలా సీసా ఫొటో పెట్టకపోవడం మాత్రం మీ చేతిలో ఉంది. కొన్నవాడికి తెలిసేది వేరు, చూసిన ప్రతివాడికీ తెలిసేది వేరు.

కానీ మీ వారు ఏ రోజు ఇంట్లో ఉండరో ఏ చీటీ చెప్పదు. అది మీ దగ్గరి నుంచే వెళ్ళింది. మీ పాత పోస్టులను, వాట్సాప్ స్టేటస్‌లను అతని కళ్ళతో ఒకసారి చూడండి. "ఈయన వచ్చే శనివారం కోసం గుత్తి వంకాయ" అని ఒకనాడు పెట్టి ఉంటారు. "సోమవారం, మళ్ళీ మేం ముగ్గురమే" అని ఇంకోనాడు. బాబు బడి దుస్తుల్లో వడియాల పళ్ళెం పట్టుకున్న ఫొటో ఒకటి ఉంటుంది. డాబా మీద తీసిన వీడియోలో వెనక గుడి గోపురమో, పక్కింటి రంగు గోడో పడుతుంది. ఏ ఒక్కటీ తప్పు కాదు. చీటీ మీది చిరునామాకు ఈ నాలుగూ కలిస్తే, ఏ ఇంట్లో, ఏ రోజుల్లో, ఎవరెవరు ఒంటరిగా ఉంటారో తేలిపోతుంది. అందుకే వ్యాపారం మానాల్సిన పని లేదు. ఆ నాలుగింటినీ తీసేయాలి.

బాబు ఫొటోలన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో ముందుగా తొలగించండి. వీడియోలు డాబా మీద కాకుండా గదిలో ఒక గోడ ముందు తీయండి. ఎండబెట్టడం చూపించాలనుకుంటే కెమెరాను పళ్ళెం మీదికి వంచి తీసి, మూడు నాలుగు రోజుల తరువాత పెట్టండి. వడియాలు ఎప్పుడు ఎండాయో కొనేవారికి అక్కర్లేదు.

ఒకే నంబరు మీద బంధువులూ కొనుగోలుదారులూ ఉండటం వల్లే స్టేటస్ అందరికీ చేరుతోంది. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. అదే ఫోనులో వాట్సాప్ బిజినెస్‌ను ఆ నంబరుతో పెట్టుకోవచ్చు. అందులో చిరునామా గడిని ఖాళీగా వదలండి, ఫొటోగా సీసా బొమ్మ పెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ వ్యాపారం పేరు వెతికి చూడండి. ఇంటి మీద గుర్తు ఉంటే, మీ బిజినెస్ ప్రొఫైల్‌లోకి వెళ్ళి చిరునామా తీసేసి "పర్లాకిమిడి" అని పంపిణీ ప్రాంతం మాత్రం ఉంచవచ్చు.

ఊళ్ళో వాళ్ళకు సరుకు ఇవ్వడానికి లైవ్ లొకేషన్ పంపుతున్నారేమో చూసుకోండి. దాన్ని 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఎంచుకుంటాం. తొందరలో 8 గంటలు నొక్కితే ఆ రోజంతా మీరు బజారుకు వెళ్ళడం, బడికి వెళ్ళడం అన్నీ అవతలివాడికి కనబడతాయి. వాట్సాప్‌లో Settings, Privacy, Live location లోకి వెళ్తే ఇప్పుడు ఎవరికి వెళ్తోందో కనబడుతుంది. అక్కడే ఆపేయవచ్చు. ఇక మీదట తెలిసిన కిరాణా దుకాణంలో సరుకు పెట్టి అక్కడ తీసుకోమనండి. ఎవరైనా "ఇంటికే వస్తాను, ఎప్పుడు ఉంటారు?" అని అడిగితే "సరుకు దుకాణం దగ్గరే ఇస్తాం" అనడమే జవాబు. ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు వస్తారో వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మీ అత్తయ్య గారి భయం ఊరికే వచ్చింది కాదు, పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే. ఆవిడతో వాదించకండి. ఫోన్ ఆవిడ చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఏ ఫొటోలో ఇల్లు తెలుస్తోందో చూపించమనండి. ఆ గోడలను, ఆ వీధిని మీకన్నా ఎక్కువ కాలంగా చూస్తున్న మనిషి కాబట్టి మీ కంటికి ఆననివి ఆవిడ కంటికి ఆనతాయి. పక్కింటివాళ్ళలో నమ్మకమైన ఒకరికి అతని ప్రొఫైల్ ఫొటో చూపించి, వీధిలో కనబడితే వెంటనే మీకు ఫోన్ చేయమని చెప్పి ఉంచండి. మీ వారు ఈ శనివారం వచ్చాక ఇద్దరూ కలిసి ఠాణాకు వెళ్ళి, అతను ఇంకేమీ చేయకపోయినా, ఇంతవరకు జరిగింది రాసి ఇచ్చి రండి. ఆ రోజు మాత్రం స్టేటస్‌లో గుత్తి వంకాయ పెట్టకండి.