పాత వెర్షన్ వాడేవారికి కొత్త వెర్షన్ ఆర్టికల్ చూపించకండి

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌కు హెల్ప్ సెంటర్ పెడుతున్నాం. ప్రతి వెర్షన్‌కూ వేరుగా ఆర్టికల్స్ ఉంచాలా, తాజా వెర్షన్‌వి మాత్రమే ఉంటే చాలదా?

చాలదు. అలాగని విడుదలైన ప్రతిసారీ సైటు మొత్తానికి నకలు తీయనక్కర కూడా లేదు. దుకాణాల కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేసుకునే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్టు విభాగంలో పనిచేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. మీ సాఫ్ట్‌వేర్ బ్రౌజరులోనే నడుస్తూ అందరికీ ఒకేసారి మారిపోయేదైతే ఈ బాధలో సగం మీకు ఉండదు.

గుంటూరులో మందుల దుకాణం నడిపే ఒకాయన ఓ సాయంత్రం ఫోన్ చేసి, "మీరు రాసినట్టే చేశానండీ, ఇవాళ్టి బిల్లులన్నీ పోయాయి" అన్నారు. ఆయన వాడుతున్నది వెర్షన్ 5, గూగుల్‌లో వెతికితే ఆయనకు దొరికింది వెర్షన్ 6 ఆర్టికల్. వెర్షన్ 6లో రీస్టోర్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ముందుగా ఉన్న డేటాను వేరే ఫోల్డరులో దాచి, ఆ తరువాతే పాత బ్యాకప్‌ను తెస్తుంది. కనుక ఆ ఆర్టికల్‌లో ముందు కాపీ తీసుకోమన్న హెచ్చరిక లేదు. వెర్షన్ 5లో అదే పేరున్న బటన్ ఉన్న డేటాను తుడిచేసి దాని స్థానంలో బ్యాకప్‌ను పెడుతుంది. ఆర్టికల్‌లో చెప్పిన మెనూ తెరమీద కనిపించకపోతే ఎవరైనా ఆగి మనకు ఫోన్ చేస్తారు. పేరు అదే ఉండి పని మారినప్పుడు ఆగవలసిన కారణమే కనిపించదు. పేజీలో వెర్షన్ సంఖ్య ఉన్న మాట నిజమే. "నాది ఏ వెర్షనో నాకెలా తెలుస్తుందండీ" అని ఆయన అడిగిందీ న్యాయమే.

అందుకే వెర్షన్‌ను మనిషి ఎంచుకోవాలని ఆశించకుండా, సాఫ్ట్‌వేరే చెప్పేటట్టు చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో సహాయం బటన్ నొక్కితే తెరుచుకునే చిరునామాలోనే వెర్షన్ ఉండాలి:

```
https://help.example.com/v5/backup-restore/
https://help.example.com/latest/backup-restore/
```

గూగుల్ నుంచి నేరుగా వచ్చేవారికి ఈ ఏర్పాటు అందదు. వారి కోసం పేజీ మొదట్లోనే, ఇది ఏ వెర్షన్‌కు వర్తిస్తుందో, తమ వెర్షన్‌ను ఎక్కడ చూసుకోవాలో, పాత వెర్షన్ పేజీ ఎక్కడ ఉందో చెప్పే పట్టీ పెట్టండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లో ప్రతి పేజీ పైభాగానా అదే విషయానికి ఇతర వెర్షన్ల లింకులు కనిపిస్తాయి. అనుకరించదగిన పద్ధతి అది. పాత పేజీల నుంచి కొత్తదానికి కెనానికల్ లింకు, అంటే అసలు పేజీ అదేనని గూగుల్‌కు చెప్పే గుర్తు, ఇస్తే సరిపోతుందని కొందరంటారు. రెండు పేజీల విషయం దాదాపు ఒకటే అయినప్పుడు అది సరైన పనే. విషయం వేరైతే గూగుల్ దానిని పాటించకపోవచ్చు. పాటిస్తే పాత వెర్షన్ వారికి కావలసిన పేజీయే ఫలితాల్లోంచి పోతుంది.

నకలు తీయడం గురించి నా అభిప్రాయం కాస్త ఘాటుగానే ఉంటుంది. డాక్యుసారస్ వంటి, డాక్యుమెంటేషన్ సైట్లు తయారుచేసే సాధనాలలో ఒక్క ఆదేశంతో ఫోల్డరు మొత్తం కొత్త వెర్షన్ పేరుతో కాపీ అయిపోతుంది కాబట్టి డెవలపర్లకు అది ముచ్చటగా ఉంటుంది. తరువాత ఒక తప్పు దొరికితే దానిని ఆ కాపీలన్నింటిలోనూ దిద్దవలసి వస్తుంది, ఆ పని ఎవరూ పూర్తిగా చేయరు. మార్పు లేని ఆర్టికల్‌ను ఒక్కటిగానే ఉంచి వర్తించే వెర్షన్లు రాయండి. వాడేవారు చేయవలసిన పని గాని, దాని ఫలితం గాని మారినప్పుడే విడదీయండి. పైన చెప్పిన రీస్టోర్ ఆర్టికల్‌లో మెట్లు మారలేదు, ఫలితం మారింది; విడదీయడానికి అదే చాలు.

సైటులోని వెతుకులాట కూడా చదువుతున్న పేజీ వెర్షన్‌కే పరిమితమై ఉండాలి, లేకుంటే ఒకే శీర్షికతో నాలుగు ఫలితాలు వచ్చి మనిషిని తికమక పెడతాయి. ఫలితం దొరకని వెతుకులాటల జాబితాను వారానికోసారి చదవండి. మా దగ్గర ఆ జాబితా నిండా బ్యాకప్, బాకప్, బ్యాక్అప్ అన్న రూపాలు, ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసిన తెలుగు మాటలే ఉండేవి. వాటిని పర్యాయపదాలుగా చేరిస్తే, కొత్త ఆర్టికల్ ఒక్కటీ రాయకుండానే చాలామందికి జవాబు దొరికింది.

సపోర్టును సంప్రదించే లింకును మాత్రం దాచకండి. నాలుగు పేజీలు తిరిగితే గాని ఫోన్ నంబరు కనిపించని సైట్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతి ఆర్టికల్ చివరా ఆ లింకు ఉండి, ఫారం తెరిచేసరికి చదువుతున్న పేజీ, వెతికిన మాట, సాఫ్ట్‌వేర్ నుంచే వచ్చినట్లయితే వెర్షన్ సంఖ్య అందులో ముందే నిండి ఉండాలి. ఇవి అవతలివారికి కనిపించేలా, వద్దనుకుంటే తీసేయగలిగేలా ఉంచండి. అప్పుడు వెర్షన్ 5 వాడుతూ వెర్షన్ 6 పేజీ చదువుతున్న మనిషిని, ఆయన ఏమీ వివరించకముందే, మీ సపోర్టు ఉద్యోగి గుర్తుపట్టగలుగుతారు.