రెండు సెకన్లలో 34 అక్షరాలు

ప్రశ్న: సార్, మాది నగరి. ఇంట్లో తమిళం, తెలుగు రెండూ మాట్లాడతాం. తిరుపతిలో బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. తమిళం నుంచి తెలుగు సబ్‌టైటిల్స్ పనికి టెస్ట్ రాస్తే, రీడింగ్ స్పీడ్ ఎక్కువైందని రిజెక్ట్ చేశారు. నేను ఒక్క మాట కూడా వదల్లేదు. మరి తప్పెక్కడ జరిగింది? – ఒక విద్యార్థిని

జవాబు: ఒక్క మాట కూడా వదలకపోవడమే తప్పమ్మా. మీ తమిళంలో లోపమేమీ లేదు.

ఇలాంటి టెస్టుల్లో తరచూ రెండు హద్దులు పెడతారు. లైనుకు 42 అక్షరాలు, సెకనుకు 17 అక్షరాలు. క్లయింట్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి కాబట్టి వాళ్లిచ్చిన గైడ్ ముందు చదవాలి. మన తెలుగులో ఇంకో చిక్కుంది. ‘రాత్రి’ కంటికి రెండక్షరాలే. చాలా సాఫ్ట్‌వేర్లు మాత్రం గుణింతం, పొల్లు, వత్తు విడివిడిగా లెక్కేసి ఆరు అంటాయి.

ఒక సీన్ చూద్దాం. పొద్దున్నే గుమ్మంలో అడుగుపెట్టిన కొడుకును తల్లి అడుగుతుంది: ‘నేత్తు రాత్తిరి వీట్టుక్కు వరామ ఎంగడా పోన?’ ఆ మాటకు రెండు సెకన్లు పట్టింది. అంటే మనకున్నది 34 అక్షరాలు.

మాటకు మాట రాస్తే, ‘నువ్వు నిన్న రాత్రి ఇంటికి రాకుండా ఎక్కడికి వెళ్లావురా?’ ఖాళీలతో సహా 55. ‘వెళ్లావు’లోనే నువ్వు ఉంది కాబట్టి ‘నువ్వు’ తీసేయండి. పొద్దున్నే ‘రాత్రి’ అంటే గడిచిన రాత్రే కాబట్టి ‘నిన్న’ కూడా అక్కర్లేదు. ఇప్పుడు 42. ఒక్క లైన్లో సరిగ్గా పట్టింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ రెండు సెకన్లకు 42 అంటే సెకనుకు 21. లైను హద్దు దాటలేదు గానీ స్పీడు దాటింది. మీ టెస్టులోనూ ఇదే జరిగి ఉంటుంది.

తల్లి మాట తర్వాత అర సెకను మౌనం ఉంటే, సబ్‌టైటిల్‌ను అంతవరకు ఉంచి గట్టెక్కవచ్చు. ఇక్కడ కొడుకు వెంటనే ‘ఫ్రెండ్ రూమ్‌లో’ అంటాడు. కాబట్టి వాక్యాన్నే మార్చాలి. ‘రాత్రి ఇంటికి రాలేదేంరా?’ 24 అక్షరాలే, కానీ కొడుకు జవాబు దానికి అతకదు. ‘రాత్రంతా ఎక్కడున్నావురా?’ అదీ 24. రాత్రంతా ఇంట్లో లేడన్న నిష్ఠూరం అందులో ఉంది, జవాబుకూ అతికింది. తల్లి గొంతు ఆ ‘రా’లోనే ఉంది, చోటు ఉన్నంతవరకు దాన్ని తీయొద్దు.

పేర్లు, అంకెలు, ‘కాదు’, ‘లేదు’ లాంటివి మాత్రం కోయకండి. తర్వాతి సీన్లో తిరిగొచ్చే మాటను కూడా. అందుకే సినిమా మొత్తం చూశాకే మొదటి లైను రాయాలి.

సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, సెట్టింగ్స్‌లో 17 పెట్టుకోండి. హద్దు దాటిన లైను ఎర్రగా కనిపిస్తుంది. ఒక పది నిమిషాల సీన్ పూర్తిచేసి, తమిళం రాని స్నేహితురాలికి చూపించండి. ఆమె నటుల ముఖాలు చూడకుండా స్క్రీన్ అడుగునే చూస్తూ ఉండిపోయిన చోట్లు రాసుకుని, అవే మళ్లీ తగ్గించండి.