క్రియేటివ్ కామన్స్ ఫోటోలతో ఫేస్ స్వాప్ మోడల్ ట్రైన్ చేయవచ్చా?

ప్రశ్న: ఫేస్ స్వాప్ మోడల్ కోసం ఫ్లికర్‌లో సీసీ లైసెన్స్ ఉన్న ఫోటోలు తీసుకుంటున్నాను. లైసెన్స్ ఉంది కదా, ఇంకా ఎవరి పర్మిషనైనా కావాలా?

జవాబు: కావాలి. ఆ లైసెన్స్ ఇచ్చింది ఫోటో తీసిన వ్యక్తి. మీరు వాడబోయేది ఫోటోలో ఉన్నవాళ్ల ముఖం. క్రియేటివ్ కామన్స్ 4.0 లైసెన్సులోనే ప్రైవసీ, పబ్లిసిటీ హక్కులు దీని కిందకు రావని రాసి ఉంటుంది. ఫోటో తీసినవాళ్లు వాణిజ్య వాడకానికి ఒప్పుకున్నా, అందులో నవ్వుతున్న అమ్మాయి తన ముఖాన్ని ఇంకొకరి వీడియోకి అతికించమని చెప్పినట్టు కాదు.

ఫ్లికర్ ఫోటోలతోనే తయారైన FFHQ అనే ముఖాల డేటాసెట్ సంగతి చూడండి. 70,000 ముఖాలు, అన్నీ లైసెన్స్ చూసి ఏరినవే. అయినా తమ ఫోటో తీసేయమని అడిగేవాళ్ల కోసం అక్కడ ఒక దారి పెట్టారు. పైగా ఆ డేటాసెట్‌కి వాణిజ్యేతర షరతు ఉంది. విడి ఫోటోకి అలాంటి షరతు లేదు కదా అని ఈ సంగతి మర్చిపోకూడదు.

అందుకే నేను పనిచేసిన ఒక వీడియో ప్రాజెక్టులో నటులతోనే విడిగా షూట్ చేశాం. ఒప్పంద పత్రంలో 'ప్రాజెక్టు అవసరాలకు' అని కాకుండా, ముఖాన్ని మోడల్‌కి నేర్పడానికి, ఫలానా వీడియోలో మార్చడానికి, ఫలానా తేదీ వరకు అని రాయించాం. ఆ మూడూ విడివిడిగా ఉండాలి. షూటింగ్‌కి ఒప్పుకున్నవాళ్లు ట్రైనింగ్‌కి ఒప్పుకోకపోవచ్చు.

అక్కడే ఇంకో చిక్కు బయటపడింది. ఫ్రేముల నుంచి ముఖాలు కత్తిరించే టూల్, వెనక నడుస్తున్న సిబ్బంది ముఖాలను కూడా ఏరి అదే ఫోల్డర్‌లో వేసింది. ఎంబెడింగ్‌లతో ముఖాలను గుంపులుగా విడదీస్తే, సంతకం చేసినవాళ్ల కంటే గుంపులు ఎక్కువ వచ్చాయి. ఆ ఎక్కువైనవి ఎవరివో చూసి తీసేశాం. ఈ పని ట్రైనింగ్‌కి ముందే చేయండి. ప్రతి ఫైలుకీ ఇలాంటి వరుస ఒకటి ఉంచండి:

```
file,person_id,source,consent,expires
p07_000431.jpg,p07,studio,train+swap,2026-12-31
```

ఎందుకంటే ఎవరైనా తర్వాత ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటే ఫోటోలు డిలీట్ చేసినంత మాత్రాన సరిపోదు. ఎన్‌కోడర్ ఒకటే ఉండి మనిషికో డికోడర్ ఉన్న మోడల్లో, ఆ మనిషి డికోడర్ తీసేసినా, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఎన్‌కోడర్ ఆ ముఖం నుంచి కూడా నేర్చుకునే ఉంటుంది. 2021లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ, ఎవర్‌ఆల్బమ్ అనే ఫోటో యాప్ కంపెనీ కేసులో ఫోటోలతో పాటు వాటితో తయారైన మోడళ్లను కూడా చెరిపేయించింది. కాబట్టి ఎవరి ముఖాలు ఎప్పుడు కలిపారో రాసుకుని, అంతకుముందు చెక్‌పాయింట్ దాచి ఉంచండి. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఆ ముఖం మొదటి దశలోనే కలిసి ఉంటే మాత్రం మొత్తం ట్రైనింగ్ మళ్లీ చేయాల్సిందే.