పదిహేనింటిలో ఆరో అక్షరం

ప్రశ్న: ఇంటి మీద సోలార్ పెట్టిద్దామని నల్గొండలో ఒక షాపులో కొటేషన్ తీసుకున్నాను. 60 వేలు అడ్వాన్స్ అడుగుతున్నారు. కంపెనీల సైట్‌లో వెతికితే ఆ పేరే లేదు. కొటేషన్ మీద జీఎస్టీ నంబరైతే ఉంది. నమ్మొచ్చా సార్?

జవాబు: ఆ సైట్‌లో లేనంత మాత్రాన దొంగ షాపు కాదు. ఒక్కరే నడిపే షాపులు, మామూలు భాగస్వామ్య ఫర్ములు అక్కడ ఉండవు. మీకున్న ఆధారం ఆ 15 అక్షరాల నంబరే.

మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. తర్వాతి పది యజమాని పాన్. అందుకే మొత్తంలో ఆరో అక్షరం P అయితే వ్యాపారం ఒక్క మనిషిది, F అయితే ఫర్ముది. మీరు పంపిన విజిటింగ్ కార్డు మీద ఇద్దరు పార్ట్‌నర్ల పేర్లున్నాయి, నంబర్లో మాత్రం P ఉంది. ఆ రెండో ఆయన చేతికి డబ్బిస్తే రేపు ఎవరిని అడుగుతారు?

అసలు నంబరు వాళ్లదేనా అన్నది ఇంకా పెద్ద అనుమానం. బిల్లింగ్ యాప్‌లలో ఎవరి నంబరు కొట్టినా రంగురంగుల బిల్లు వచ్చేస్తుంది. నంబర్లో చివరి అక్షరం ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి వచ్చేది. ఆ లెక్క సరిపోయిందా అని చూసే యాప్ కూడా, ఆ నంబరు ఎవరిదో చూడదు. ఇలాంటి యాప్‌లు తయారుచేసేవాళ్లకు ఆ ఒక్క తనిఖీ పెట్టడం అంత బరువా?

కాబట్టి services.gst.gov.in లో `Search Taxpayer` తెరవండి. లాగిన్ అక్కర్లేదు. `Trade Name` బోర్డు మీది పేరు, `Legal Name` అసలు యజమానిది. అడ్వాన్స్ వెళ్లే ఖాతా ఈ రెండు పేర్లలో దేనిమీదా లేకపోతే అక్కడే ఆగిపోండి. షాపు పాతికేళ్లదంటూ రిజిస్ట్రేషన్ మూణ్నెల్ల క్రితంది అయితే ఎందుకని అడగండి. ఫర్ము విడిపోయి ఒకరే నడుపుతుంటే పాన్ మారుతుంది, నంబరూ కొత్తదవుతుంది. అది మోసం కాదు, కానీ ఆ మాట వాళ్ల నోట రావాలి. కింద రిటర్నుల పట్టిక కూడా ఉంటుంది. అందులో వేసిన తేదీలే కనిపిస్తాయి, సున్నా వ్యాపారం చూపించినా తేదీ పడుతుంది. దాన్ని చూసి మురిసిపోకండి.

సబ్సిడీ కావాలంటే పీఎం సూర్యఘర్ పోర్టల్‌లోని వెండర్ల జాబితాలో కూడా ఇదే పేరు ఉండాలి. "మా ఫ్రెండ్ లైసెన్సు మీద చేస్తాం" అంటే వద్దనండి.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలో చివరి వాక్యం. కొటేషన్ కోసమని పాన్, ఆధార్ ఫోటోలు వాట్సాప్‌లో పంపేశారట! అలా చేతికి దొరికిన పాన్‌లతోనే ఊరూపేరూ లేని షాపులకు జీఎస్టీ నంబర్లు తీసి, దొంగ బిల్లులు రాస్తారు. నోటీసు మాత్రం మీ ఇంటికొస్తుంది. అదే చోట `Search by PAN` కూడా ఉంది. ఈ రాత్రే మీ పాన్ కొట్టి చూడండి, నెల తర్వాత మళ్లీ చూడండి. మీకు తెలియని నంబరేదైనా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని జీఎస్టీ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.