మోటార్లు ఆపితే సెల్లారు నిజంగా తేలుతుందా?

ప్రశ్న: విజయవాడ పటమటలో సెల్లారు, దానిపై జి+3 కడుతున్నాం. పదకొండు అడుగుల లోతులో నీళ్లు తగిలాయి. అడుగున మొత్తం పరిచే కాంక్రీటు పునాది, అంటే రాఫ్ట్, చుట్టూ గోడలు పూర్తయ్యాయి. ఇక నీళ్లు తోడే మోటార్లు తీసేయవచ్చని మేస్త్రి అంటున్నారు. తీస్తే సెల్లారు పైకి తేలుతుందని ఇంజినీరు ఆపారు. అంత కాంక్రీటు తేలడం సాధ్యమేనా? తేలకుండా ఏం చేయాలి?

జవాబు:

సాధ్యమేనండి. మోటార్లు ఆపవద్దు. చాలా ఏళ్ల క్రితం నేను సైటు ఇంజినీరుగా ఉన్నప్పుడు బందరు కాలువకు దగ్గరలో సరిగ్గా మీ దశలోనే ఉన్న సెల్లారు ఒక్క రాత్రిలో పైకి లేవడం కళ్లారా చూశాను.

ఖాళీ బిందెను మూతి పైకి ఉంచి నీళ్ల తొట్టిలో నొక్కి చూడండి. బిందె ఇత్తడిదే అయినా చేతిని పైకి నెడుతుంది. బిందె దేనితో చేశారన్నది కాదు, దాని లోపల ఎంత ఖాళీ ఉందన్నదే లెక్క. సెల్లారు కూడా అంతే. రాఫ్ట్ అడుగు నుంచి పైకి ఎన్ని మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే, చదరపు మీటరుకు అన్ని టన్నుల బలం కింది నుంచి పైకి నెడుతుంది. దీన్నే అప్‌లిఫ్ట్ అంటాం. ఇనుము వేసిన కాంక్రీటు ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు తూగుతుంది. అంటే అర మీటరు మందం రాఫ్ట్ తన బరువుతో ఒకటింబావు మీటరు నీటిని మాత్రమే ఆపగలదు. మిగతాది దానిపై లేచే భవనం ఆపాలి. మీకు ఆ భవనం ఇంకా లేవలేదు.

మా సెల్లారు 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రాఫ్ట్ అడుగు నేలకు నాలుగు మీటర్ల కింద ఉంది. అర మీటరు మందం రాఫ్ట్ 375 టన్నులు, చుట్టూ పాతిక సెంటీమీటర్ల మందం గోడలు సుమారు 145 టన్నులు, స్తంభాలు 17 టన్నులు. మొత్తం దాదాపు 540 టన్నులు. దీన్ని 300 చదరపు మీటర్లతో భాగిస్తే 1.8 వస్తుంది. అంటే రాఫ్ట్ అడుగు నుంచి నీళ్లు 1.8 మీటర్లు లేస్తే చాలు, సెల్లారు పడవ అవుతుంది. అప్పటికి నీటి మట్టం నేలకు ఇంకా 2.2 మీటర్ల కిందే ఉంటుంది. పైనుంచి చూసేవారికి ప్రమాదం ఆనవాలు కూడా కనిపించదు.

మేము వేసవిలో తవ్వాం. కాలువ కట్టేసి ఉంది కాబట్టి నీళ్లు లోతున ఉన్నాయి, రెండు మోటార్లతో పని నడిచిపోయింది. జూన్‌లో కాలువకు నీళ్లు వదిలారు. మన దగ్గర కాలువ గట్ల పక్కన భూగర్భ జలమట్టం కాలువతోపాటే లేస్తుంది. ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటరులో డీజిలు అయిపోయింది. గోడలు ఎలాగూ అయిపోయాయి కదా, తెల్లవారాక చూద్దామని కాపలా మనిషి పడుకున్నాడు. నేనైనా అతనికి ముందే ప్రమాదం చెప్పి ఉండాలి. చెప్పలేదు.

పొద్దున సెల్లారులో చుక్క నీరు లేదు. అదే నన్ను మోసం చేసింది. నేల పొడిగా ఉంటే అంతా బాగున్నట్టే అనుకున్నాను. సెల్లారులోకి దిగే ర్యాంపు దగ్గర మాత్రం తేడా కనిపించింది. ర్యాంపు స్లాబు, రాఫ్ట్ కలిసేచోట ముందు రోజు సాయంత్రం నా కాలికి తగలని అంచు ఇప్పుడు నాలుగు వేళ్ల ఎత్తు లేచి ఉంది. స్తంభాలపై వేసిన లెవెలు గీతలను నీళ్ల గొట్టం పట్టి పక్కింటి ప్రహరీపై ఉన్న గుర్తుతో సరిచూస్తే, కాలువ వైపు మూల 14 సెంటీమీటర్లు, ఎదురు మూల 5 సెంటీమీటర్లు పైకి వచ్చాయి. బయట గోడ పక్కన నీరు, లేవకముందు రాఫ్ట్ అడుగు ఉన్న మట్టానికి 1.9 మీటర్ల పైన ఉంది. లెక్కలో తేలే మట్టం కంటే పది సెంటీమీటర్లు ఎక్కువ. సెల్లారు కూడా సగటున సుమారు పది సెంటీమీటర్లే లేచింది.

అందరూ వెంటనే లోపల నీళ్లు నింపమంటారు. సలహా సరైనదే. లోపల అడుగు ఎత్తు నీరు చదరపు మీటరుకు 0.3 టన్ను బరువు. కానీ సెల్లారు అప్పటికే ఒరిగి ఉంటే పోసిన నీళ్లన్నీ పల్లం వైపు చేరి, దిగాల్సిన ఎత్తు మూలపై బరువు పడదు, ఒరుగు ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు ఎత్తు మూలలో ఇసుక బస్తాలు పేర్చాం, తర్వాత కొంచెం కొంచెంగా నీళ్లు పోశాం, మరోవైపు బయట మోటార్లను నెమ్మదిగా నడిపించాం. ఒక్కసారిగా తోడితే రాఫ్ట్ కింది ఇసుక నీళ్లతో కొట్టుకొస్తుంది. రెండు రోజుల్లో సెల్లారు దిగింది, కానీ పూర్తిగా కాదు. లేచినప్పుడు కింద ఏర్పడిన ఖాళీలోకి ఒండ్రు చేరింది. కాలువ వైపు మూల నాలుగు సెంటీమీటర్లు ఎత్తులోనే ఆగిపోయింది. రాఫ్ట్‌కు రంధ్రాలు వేసి కింది ఖాళీల్లోకి సిమెంటు గ్రౌటు పంపాం, పైన ఫ్లోరింగుతో లెవెలు సరిచేశాం. రాఫ్ట్ అంచుల్లో వచ్చిన పగుళ్లకు ఎపాక్సీ నింపాల్సి వచ్చింది. ఆ నెలంతా ఆ పనికే పోయింది.

ఇప్పుడు మీ సైటు సంగతి. మొదట బయట నీటి మట్టం కంటికి కనబడేలా చేసుకోండి. రెండు అంగుళాల పీవీసీ గొట్టానికి కింది మీటరు మేర చిన్న రంధ్రాలు వేసి, దోమతెర గుడ్డ చుట్టి, గోడ వెనక రాఫ్ట్ అడుగు మట్టం దాకా దింపండి. చుట్టూ సన్న కంకర పోయండి. టేపుకు చిన్న బరువు కట్టి దింపితే నీరు తగిలిన చోటు తెలుస్తుంది. కాలువ వైపు ఒకటి, ఎదురు వైపు ఒకటి ఉండాలి. పొద్దున, రాత్రి కొలిచి సైటు పుస్తకంలో రాయించండి.

ఆ కొలత ఎంత దాటకూడదో మీ ఇంజినీరు మీ కొలతలతో లెక్కకట్టి రాసివ్వాలి. మొత్తం బరువు అప్‌లిఫ్ట్‌కు కనీసం 1.2 రెట్లు ఉండాలని నేను పట్టుబడతాను. మా సెల్లారులో ఆ లెక్కన గోడల దశలో నీరు రాఫ్ట్ అడుగు నుంచి 1.5 మీటర్లు దాటకూడదు. సెల్లారు పైకప్పు స్లాబు, దూలాలు 170 టన్నులు కలిస్తే హద్దు సుమారు రెండు మీటర్లు. తర్వాత ప్రతి స్లాబుకూ దాదాపు అర మీటరు పెరుగుతుంది. నీరు నేల మట్టం దాకా వస్తుందని లెక్కిస్తే మొత్తం అప్‌లిఫ్ట్ 1200 టన్నులు. చివరి స్లాబు పడ్డాక కూడా మా బరువు 1390 టన్నులే, అంటే 1.16 రెట్లు. ఇటుక గోడలు లేచాకే 1.2 దాటింది. అందుకే గోడలు అయిపోయాయి కాబట్టి మోటార్లు తీయవచ్చన్న మాటకు అర్థం లేదు.

మోటార్లు ఎంత జాగ్రత్తగా నడిపినా ఏదో ఒక రాత్రి ఆగుతాయి. ఆ రాత్రి కోసం రాఫ్ట్ పోసేటప్పుడే నాలుగు అంగుళాల గొట్టాలు నిలువుగా పెట్టించడం ఇప్పుడు నా అలవాటు. కింద వడపోత గుడ్డలో చుట్టిన కంకర ఉంటుంది, పైకొస మాత్రం హద్దు ఎత్తులోనే ఉండాలి. మా సైటులోనైతే రాఫ్ట్ పైనుంచి ఒక మీటరు. బయట నీరు హద్దు దాటగానే గొట్టం పొంగి సెల్లారు తానే నిండుతుంది. లోపల తడిసినా సెల్లారు లేవదు. ఇసుక నేలలో ఒకటి రెండు గొట్టాలు చాలవు, ఇసుక పట్టి మూసుకుపోతే ఉన్నా లేనట్టే, కాబట్టి కింది కంకర వడపోత బాగుండాలి. భవనం బరువు వచ్చాక వాటిని కోసి, మధ్యలో పలక వెల్డు చేసి మూసేస్తారు. మీ రాఫ్ట్ ఇప్పటికే పడింది కాబట్టి యంత్రంతో గుండ్రని రంధ్రాలు కోసే కోర్ కటింగు చేయించి పెట్టుకోవచ్చు, కానీ ఇనుము తెగని చోట్లు ఇంజినీరే చూపాలి, నీళ్లు తోడి ఉన్నప్పుడే కొయ్యాలి.

శాశ్వతంగా బరువు చాలకపోతే నాకు నచ్చిన మార్గం రాఫ్ట్‌ను గోడ బయటికి పొడిగించడం. 60 సెంటీమీటర్లు చుట్టూ పొడిగిస్తే మా కొలతలకు సుమారు 43 చదరపు మీటర్ల అంచు వస్తుంది, దానిపై పూడ్చిన మట్టి సెల్లారును పట్టుకుంటుంది. నీటిలో మునిగిన మట్టి ఘనపు మీటరుకు 0.9 టన్నే లెక్కపెట్టినా, అంచు కాంక్రీటుతో కలిపి 170 టన్నులు అదనంగా దొరుకుతాయి. పక్క హద్దు దాకా కట్టే మన స్థలాల్లో ఆ జాగా ఉండదు. అప్పుడు రాఫ్ట్ మందం పెంచాలి, లేదా నేలలోకి లోతుగా దిగి లాగుడును తట్టుకునే స్తంభాలు, అంటే పైల్స్ వేసి వాటి ఇనుమును రాఫ్ట్‌లోకి కలపాలి. సెల్లారు ఖాళీ సెట్‌బ్యాక్ కింద దాకా వ్యాపించి, పైన అంతస్తులు లేనిచోట ఇది మరీ అవసరం. మొత్తం బరువు సరిపోయినా అక్కడ స్తంభంపై భారం ఉండదు, రాఫ్ట్ ఆ భాగంలోనే ఉబ్బుతుంది.

వాటర్‌ప్రూఫింగు చేయించాం కాబట్టి భయం లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. అది నీటిని లోపలికి రానివ్వదు, అప్‌లిఫ్ట్‌ను ఆపదు. గుంటూరు వైపు నల్లరేగడిలో నీరు దిగదు కాబట్టి ఈ బాధ లేదనేవారూ ఉన్నారు. నీరు దిగకపోవడమే అక్కడి ప్రమాదం. గోడకూ తవ్వకానికీ మధ్య సందు పూడ్చకుండా వదిలితే వాన నీరు అందులో బావిలా నిలుస్తుంది, బయటికి పోయే దారి ఉండదు. రాఫ్ట్ కిందికి చేరిన నీటికి అది భూగర్భ జలమో వాన నీరో అన్న తేడా లేదు. ఆ సందును వీలైనంత త్వరగా పొరలు పొరలుగా పూడ్చి దిమ్మిస చేయించండి.

ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచిన తర్వాత, నేను నీటి మట్టాన్ని నేలకు సమంగానే లెక్కలోకి తీసుకుంటున్నాను. మీ సెల్లారులోకి ఎప్పుడైనా వరద నీరు చేరితే వెంటనే తోడేయవద్దు. లోపలి నీరే అప్పుడు దాన్ని కిందికి నొక్కి పట్టి ఉంచుతుంది. బయట గొట్టాల్లో కొలత దిగుతున్న కొద్దీ, దానికి తగ్గట్టుగా లోపలిది తోడండి.